మూడు ముళ్లు పడినా మారని పేరు

పెళ్లిపీటల మీంచి లేచేసరికి అమ్మాయి ఇంటిపేరు మారిపోయిందని మనవాళ్ల లెక్క. అత్తవారింట అడుగుపెట్టిన రోజునుంచే గుళ్లో అర్చనకి కొత్త గోత్రం చెబుతారు, శుభలేఖల మీద కొత్త ఇంటిపేరు రాస్తారు. చట్టానికి మాత్రం ఈ సంగతేమీ పట్టదు. పెళ్లయినంత మాత్రాన ఎవరి పేరూ మారదు. మార్చుకోవాలన్న నిబంధన హిందూ వివాహ చట్టంలో లేదు, ప్రత్యేక వివాహ చట్టంలోనూ లేదు. పుట్టింటి ఇంటిపేరుతోనే జీవితాంతం ఉండిపోతానంటే ఆధార్ నుంచి పాస్‌పోర్టు దాకా దేనికీ ఇబ్బంది రాదు. భార్యాభర్తల ఇంటిపేర్లు వేరువేరుగా ఉన్నాయని బ్యాంకు జాయింట్ ఖాతా తెరవనని అనకూడదు. అవసరమైన చోట పెళ్లి సర్టిఫికెట్ చూపిస్తే సరిపోతుంది.

కాబట్టి మార్చుకోవడమా, మానడమా అన్నది ఆ అమ్మాయి ఇష్టం. మార్చుకోవాలనుకున్నాకే అసలు చిక్కు మొదలవుతుంది. ‘గెజెట్ కావాలి’ అని ఒక కౌంటర్లో అంటారు, ‘పెళ్లి సర్టిఫికెట్ చాలు’ అని ఇంకో కౌంటర్లో అంటారు, బయట జిరాక్స్ షాపతను రెండూ తానే చేయించి పెడతానని వేలల్లో చెబుతాడు. పెళ్లి తర్వాత ఇంటిపేరు మార్చుకునే ఆడవాళ్లలో చాలామందికి గెజెట్ అవసరమే పడదు. అది ఎవరికి కావాలో, ఎవరికి అక్కర్లేదో ముందు తేల్చుకుంటే సగం తిరుగుడు తప్పుతుంది.

దీనికి తూకపురాయి లాంటి మాట ఒకటి రిజర్వు బ్యాంకు కేవైసీ ఆదేశాల్లో ఉంది. గుర్తింపు పత్రం ఇచ్చిన తర్వాత మనిషి పేరు మారినా సరే, రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన పెళ్లి సర్టిఫికెట్ గానీ, పేరు మార్పు గెజెట్ ప్రకటన గానీ జతచేస్తే ఆ పాత పత్రం చెల్లుతుందని అందులో ఉంది. రెండూ తెమ్మని లేదు, రెండింట్లో ఏదో ఒకటి. మొదట 2016లో వచ్చిన ఆ ఆదేశాల్ని ఆ తర్వాత ఎన్నోసార్లు మార్చారు. బ్యాంకులో ఎవరైనా ‘గెజెట్ ఉంటేనే’ అంటే, ‘రిజర్వు బ్యాంకు కేవైసీ ఆదేశాల్లో పెళ్లి సర్టిఫికెట్ చాలని ఉందండీ’ అని మర్యాదగా ఒక మాట అనొచ్చు.

పెళ్లి సర్టిఫికెట్ ఎందుకు సరిపోతుంది? అందులో ‘ఈమె పేరు ఫలానాగా మారింది’ అని ఎక్కడా ఉండదు. పెళ్లికూతురి పుట్టింటి పేరు, పెళ్లికొడుకు పేరు, తేదీ, స్థలం, అంతే. అధికారి చూసేది ఈ రెండు పేర్ల మధ్య లంకె. వేమూరి సుజాత అనే అమ్మాయి చిట్టూరి రమేశ్ అనే అబ్బాయిని పెళ్లి చేసుకుందని కాగితం చెబుతోంది కాబట్టి, రేపు చిట్టూరి సుజాత అని వచ్చిన మనిషి ఎవరో అర్థమవుతుంది. (ఈ పేర్లు ఉదాహరణకే.) ఈ లంకె కాగితం మీద కనపడినంతవరకూ గెజెట్ అక్కర్లేదు. కనపడకపోతే కావాలి.

మన తెలుగువాళ్లకి ఆ లంకె తెగేది ఎక్కువగా ఒక్కచోటే. అది ఇనీషియల్ దగ్గర. పదో తరగతి మెమోలో ‘వి. సుజాత’ అని, అబ్బాయి సర్టిఫికెట్లలో ‘సి.హెచ్. రమేశ్’ అని ఉంటుంది. రిజిస్ట్రారు ఆఫీసులో గుమస్తా ఆ మెమోలు చూసి అలాగే ఎక్కించేస్తాడు. సర్టిఫికెట్ చేతికొస్తుంది, ఫొటోలు దిగుతారు, లామినేషన్ చేయిస్తారు. ఏడాది పోయాక ఆధార్‌లో ‘చిట్టూరి’ అని మార్చమంటే, ఈ కాగితంలో చిట్టూరి అన్న మాటే లేదే అంటారు. సి.హెచ్. అంటే చిట్టూరి కావచ్చు, చెరుకూరి కావచ్చు, చలసాని కావచ్చు. అక్కడ కూర్చున్నవాళ్లకి తెలియదు, ఊహించుకునే అధికారమూ లేదు.

అందుకని పెళ్లి రిజిస్ట్రేషన్ దరఖాస్తు నింపేటప్పుడే ఇద్దరి ఇంటిపేర్లూ పూర్తిగా, ఇంగ్లీషు అక్షరాల్లో ఎలా కావాలో అలాగే రాయించుకోవాలి. దానికి ఆధారంగా పూర్తి పేరున్న ఆధారో, పాస్‌పోర్టో చూపించాలి. సర్టిఫికెట్ అచ్చవ్వక ముందు చిత్తు ప్రతిని అక్షరం అక్షరం చదవాలి. తర్వాత దిద్దించడానికి పట్టే తిప్పలతో పోలిస్తే ఇది పది నిమిషాల పని. హిందూ వివాహాలని సబ్‌ రిజిస్ట్రారు ఆఫీసులో హిందూ వివాహ చట్టం 8వ సెక్షన్ కింద నమోదు చేస్తారు. ఉమ్మడి రాష్ట్రంలో 2002లో వచ్చిన వివాహాల తప్పనిసరి నమోదు చట్టం ఏ మతం వాళ్ల పెళ్లికైనా వర్తిస్తుంది. చర్చి, నిఖానామా కాగితాలుంటే వాటిని దాచుకుంటూనే ప్రభుత్వ సర్టిఫికెట్ కూడా తీసుకోవడం మంచిది. రిజర్వు బ్యాంకు మాటలో ‘రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన’ అన్నది ముఖ్యం. కల్యాణ మండపం రసీదు, గుడివాళ్లిచ్చిన పెళ్లి పత్రం రిజిస్ట్రారు దగ్గర ఆధారాలుగా పనికొస్తాయి. బ్యాంకులో వాటికి విలువ లేదు.

సర్టిఫికెట్ చేతికి వచ్చాక ఒక తెల్లకాగితం తీసుకుని కొత్త పేరుని పెద్ద అక్షరాల్లో ఒకసారి రాసుకోవాలి. ఉదాహరణకి CHITTURI SUJATHA. ఇక ప్రతి దరఖాస్తులోనూ ఇదే. ఒకచోట CHITTOORI, ఇంకోచోట SUJATA, మరోచోట SUJATHA CHITTURI అని వెళ్లిందంటే పేరు మార్పు కాస్తా మూడు పేర్ల మనిషిగా తేలుతుంది. ముందు ఇంటిపేరా, వెనక ఇంటిపేరా అన్నది కూడా అప్పుడే తేల్చుకోవాలి. ఆధార్‌లో పేరంతా ఒకే గడిలో పడుతుంది, పాస్‌పోర్టులో ఇంటిపేరుకి వేరే గడి, సొంత పేరుకి వేరే గడి. పాన్ దరఖాస్తులో ఇంటిపేరు, సొంత పేరు గడుల్లో ఇనీషియల్స్ ఒప్పుకోరు, విడమరిచి రాయాల్సిందే. ఆధార్ మీద ‘సి.హెచ్. సుజాత’ అని ఉంచేసి పాన్ మీద ‘చిట్టూరి సుజాత’ అని తెచ్చుకుంటే రెండూ మనవే అయినా కంప్యూటరుకి అవి ఇద్దరు మనుషుల పేర్లు.

వరుస విషయానికొస్తే ముందు ఆధార్, తర్వాత పాన్, ఆపైన బ్యాంకు. ఈ వరుసకి కారణం ఉంది. ఈరోజుల్లో మిగతా కార్యాలయాలు చాలావరకు ఆధార్‌లో ఏముందో చూసే పేరు ఖాయం చేసుకుంటున్నాయి. ఆధార్ పాత పేరుతోనే ఉండగా బ్యాంకులో మార్పిస్తే, తర్వాత కేవైసీ తిరగరాసినప్పుడు మళ్లీ పాత పేరే దిగుతుంది.

ఆధార్‌లో తెలిసి ఉండాల్సిన నియమం ఒకటుంది. పేరుని జీవితకాలంలో రెండుసార్లే మార్చుకోవచ్చు. చిన్నప్పుడు అక్షరదోషం దిద్దించినది కూడా ఆ రెండింట్లో ఒకటి. అంటే కొందరికి పెళ్లి తర్వాత చేసేదే చివరి అవకాశం అవుతుంది. అది కూడా అయిపోయాక మళ్లీ మార్చాలంటే మీసేవలోనో ఆధార్ కేంద్రంలోనో అవదు, గెజెట్ ప్రకటన లాంటి గట్టి ఆధారాలతో ఆధార్ ప్రాంతీయ కార్యాలయానికి పెట్టుకోవాలి. తెలుగు రాష్ట్రాలకి ఆ కార్యాలయం హైదరాబాదులో ఉంది. కాబట్టి హడావిడిగా ‘ఇప్పటికి ఇలా ఎక్కించేద్దాం, తర్వాత చూసుకుందాం’ అనుకోకూడదు. కేంద్రానికి వెళ్లేటప్పుడు పెళ్లి సర్టిఫికెట్ అసలు ప్రతి, పాత పేరుతో ఉన్న ఫొటో గుర్తింపు కార్డు రెండూ వెంట ఉండాలి. పేరు, చిరునామా ఒకేసారి మార్పించుకోవచ్చు. కేంద్రంలో ఈ రకం మార్పులకి రుసుము 75 రూపాయలు. ఆపరేటరు బటన్ నొక్కే ముందు తెర మన వైపు తిప్పమని అడిగి పేరు చదువుకోవాలి, తెలుగులో పడిన పేరుతో సహా. ఇంగ్లీషులో సరిగ్గా కొట్టినా తెలుగులో ‘చిత్తూరి’ అని పడటం మామూలే.

కార్డు మీద ‘భార్య’ అని భర్త పేరు రావాలని కొందరు పట్టుబడతారు. ఇప్పుడు ఆధార్‌లో ఆ వరస ‘కేరాఫ్’ కింద చిరునామాలో భాగంగా వస్తుంది. అది బంధుత్వానికి రుజువుగా ఎక్కడా పనికిరాదు, కాబట్టి దాని కోసం పోట్లాడక్కర్లేదు.

పాన్ దగ్గర ఒక చిన్న విడ్డూరం ఉంది. పెళ్లి కారణంగా పేరు మారిన ఆడవాళ్ల నుంచి పాన్ వాళ్లు తీసుకునే ఆధారాల జాబితాలో పెళ్లి సర్టిఫికెట్, గెజెట్, భర్త పేరున్న పాస్‌పోర్టు, గెజెటెడ్ అధికారి ఇచ్చే ధ్రువపత్రంతో పాటు శుభలేఖ కూడా ఉంటూ వచ్చింది. అవును, పెళ్లి కార్డే. ఒక పక్క రిజిస్ట్రారు సంతకం కావాలంటారు, ఇంకో పక్క పసుపు కుంకుమ అద్దిన కార్డుతో సరిపెట్టుకుంటారు. దరఖాస్తుని ప్రొటీన్ లేదా యూటీఐఐటీఎస్‌ఎల్ వెబ్‌సైట్లలో పెట్టుకోవాలి. కొత్త కార్డు కాగితం రూపంలో ఇంటికి రావాలంటే 107 రూపాయలు. పాన్ నెంబరు మారదు, మారకూడదు కూడా. కొత్త పేరుతో కొత్త పాన్‌కి దరఖాస్తు చేయడం పెద్ద పొరపాటు, ఒక మనిషికి రెండు పాన్‌లుంటే జరిమానా పడుతుంది. ‘మార్పు లేదా సవరణ’ దరఖాస్తే ఎంచుకోవాలి. అందులో తండ్రి పేరు అడిగిన చోట తండ్రి పేరే రాయాలి, భర్త పేరు కాదు. పెళ్లయ్యాక కూడా పాన్ రికార్డుల్లో ఆడవాళ్లకి తండ్రి పేరే కొనసాగుతుంది.

ఆధార్ మారి పాన్ మారని ఆ మధ్య రోజుల్లో ఏమవుతుందన్నది అందరికీ ఉండే భయం. ఇప్పటికే రెండూ లింకై ఉంటే ఆ లింకు తెగిపోదు. ఇంతవరకూ లింకు చేయనివాళ్లకే చిక్కు. పేర్లు పూర్తిగా వేరైతే లింకు కాదు, లింకు కాని పాన్ పనిచేయని పాన్‌గా మారుతుంది. అలాంటి పాన్ మీద టీడీఎస్ ఎక్కువ కోస్తారు, పన్ను వాపసు కూడా రాదు. ఈ సంవత్సరం రిటర్ను వేసి రీఫండ్ కోసం ఎదురుచూస్తున్నవాళ్లు అది ఖాతాలో పడ్డాక పేరు మార్పు మొదలుపెట్టడం నయం. ఎందుకంటే రీఫండ్ వేసే ముందు ఆదాయపు పన్ను వెబ్‌సైటు బ్యాంకు ఖాతా పేరునీ పాన్ పేరునీ సరిపోల్చి చూస్తుంది. ఒకటి మారి ఒకటి మారకపోతే ఖాతా ధ్రువీకరణ దగ్గరే ఆగిపోతుంది.

ఇక గెజెట్ సంగతి. గెజెట్ అవసరమయ్యేది ఎవరికి? మొదటివాళ్లు సొంత పేరు కూడా మార్చుకునేవాళ్లు. అత్తగారి పేరు కూడా సుజాతే అనుకోండి. ఒకే ఇంట్లో ఒకే పేరుతో ఇద్దరుంటే పిలుపుకి ఇబ్బందని కోడలికి శ్రావణి అని పెడతారు. పెళ్లి సర్టిఫికెట్‌లో ఉన్నది వేమూరి సుజాత, కావాల్సింది చిట్టూరి శ్రావణి. పెళ్లి కాగితం ‘చిట్టూరి’కి లంకె వేస్తుంది గానీ ‘శ్రావణి’కి వేయలేదు. సంఖ్యాశాస్త్రం చెప్పారని అక్షరాలు కలుపుకునేవాళ్లూ ఇందులోకే వస్తారు. రెండోవాళ్లు ఇనీషియల్ చిక్కులో పడ్డవాళ్లు, సర్టిఫికెట్‌లో ఇంటిపేరు విడమరిచి లేనివాళ్లు. వీళ్లు మొదట సర్టిఫికెట్ దిద్దించుకునే దారి చూడాలి, కుదరకపోతే గెజెట్. మూడోవాళ్లు ఆధార్‌లో రెండు అవకాశాలూ వాడేసుకున్నవాళ్లు.

గెజెట్ అంటే ప్రభుత్వ ప్రకటనల పత్రిక. కోర్టుకి వెళ్లనక్కర్లేదు, జడ్జి సంతకం అక్కర్లేదు. పేరు మార్చేది మనమే, ప్రభుత్వం చేసేది దాన్ని అచ్చువేసి లోకానికి తెలియజేయడమే. ఈ పత్రిక కేంద్రానికీ ఉంది, ప్రతి రాష్ట్రానికీ ఉంది. తెలంగాణలో హైదరాబాదు చంచల్‌గూడలోని ప్రభుత్వ ముద్రణాలయం, ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడలో ఉన్న ముద్రణ శాఖ కార్యాలయం ఈ పని చూస్తాయి. కేంద్ర గెజెట్ ఢిల్లీ సివిల్ లైన్స్‌లోని ప్రచురణల శాఖ నుంచి వస్తుంది, పేరు మార్పు ప్రకటనలు వారపత్రికగా వచ్చే గెజెట్ నాలుగో భాగంలో ఉంటాయి. మామూలు జనానికి రాష్ట్ర గెజెట్ సరిపోతుంది. పనులు దేశమంతటా ఉన్నవాళ్లు, కేంద్ర ప్రభుత్వంలో పనిచేస్తూ సొంత పేరు మార్చుకునేవాళ్లు కేంద్ర గెజెట్‌కి వెళ్తారు.

పనిలో మూడు మెట్లున్నాయి. మొదటిది అఫిడవిట్. స్టాంపు పేపరు మీద పాత పేరు, కొత్త పేరు, తండ్రి పేరు, భర్త పేరు, చిరునామా, మార్పుకి కారణం రాసి నోటరీ ముందు సంతకం పెట్టాలి. కారణం దగ్గర ‘పెళ్లి వల్ల’ అని ఒక్క మాట రాసి ఊరుకోకుండా పెళ్లి తేదీ, సర్టిఫికెట్ నెంబరు కూడా రాయించుకుంటే ముందుముందు ఆ అఫిడవిట్టే లంకె కాగితంగా పనికొస్తుంది. రెండోది పత్రికా ప్రకటన. స్థానికంగా నడిచే దినపత్రికల్లో, మన దగ్గర సాధారణంగా ఒక తెలుగు పత్రిక, ఒక ఇంగ్లీషు పత్రికలో, క్లాసిఫైడ్స్ పేజీలో రెండు మూడు వాక్యాలు వేయిస్తారు. ప్రకటన వచ్చిన రోజు పత్రిక పూర్తి ప్రతులు నాలుగైనా కొని ఉంచుకోవాలి. పేరు, తేదీ కనపడే పై భాగం లేకుండా ప్రకటన ముక్క కత్తిరించి తీసుకెళ్తే తిప్పి పంపుతారు.

మూడోది గెజెట్ దరఖాస్తు. కేంద్ర గెజెట్‌కి పంపే ప్రకటన నమూనా దాదాపు ఇలా నడుస్తుంది: ‘ఇంతవరకు వేమూరి సుజాతగా పిలవబడుతూ, ఫలానా చిరునామాలో నివసిస్తున్న, చిట్టూరి రమేశ్ భార్యనైన నేను నా పేరును చిట్టూరి శ్రావణిగా మార్చుకున్నాను. ఇకమీదట ఆ పేరుతోనే వ్యవహరించబడతాను. ఇందుకు సంబంధించిన ఇతర చట్టపరమైన నిబంధనలు పాటించానని ధ్రువీకరిస్తున్నాను.’ కింద సంతకం మాత్రం పాత పేరుతో పెట్టాలి. చాలామంది ఇక్కడే తడబడతారు. కొత్త పేరు వచ్చేసిందన్న ఉత్సాహంలో చిట్టూరి శ్రావణి అని సంతకం చేస్తే దరఖాస్తు వెనక్కొస్తుంది. ప్రకటన అచ్చయ్యేదాకా ఆమె వేమూరి సుజాతే కదా మరి. దీనికి ఇద్దరు సాక్షుల సంతకాలు, ఫొటోలు, గుర్తింపు కార్డు ప్రతి, పత్రికా ప్రకటన అసలు, టైపు చేసిన ప్రకటన సాఫ్ట్ కాపీ, రుసుము కట్టిన రసీదు జతచేస్తారు. కాగితం మీదా సాఫ్ట్ కాపీలోనూ ఉన్నది ఒక్క అక్షరం తేడా లేకుండా ఒకటే అయి ఉండాలి. రాష్ట్ర ముద్రణాలయాల దరఖాస్తు కాస్త వేరుగా ఉంటుంది, సారం ఇదే. రుసుము ఎప్పటికప్పుడు మారుతుంటుంది కాబట్టి ఏజెంటు చెప్పిన అంకె నమ్మకుండా కార్యాలయం పెట్టిన అంకె చూసుకోవాలి.

ప్రకటన అచ్చయ్యాక దాన్ని మనమే వెతికి పట్టుకోవాలి. కేంద్ర గెజెట్ సంచికలు egazette.gov.in లో ఉచితంగా దొరుకుతాయి. మన ప్రకటన ఉన్న పేజీతో పాటు, సంచిక తేదీ, నెంబరు కనపడే మొదటి పేజీ కూడా దింపుకోవాలి, రెండూ కలిపి చూపిస్తేనే ఏ కార్యాలయమైనా ఒప్పుకుంటుంది. ఫైలుని ఇద్దరు ముగ్గురి దగ్గర దాచి ఉంచండి. పేరులో తప్పు పడితే మాత్రం ఆ గెజెట్‌ని పక్కన పెట్టి సవరణకి పెట్టుకోవాలి. తప్పుతోనే ఆధార్‌కి వెళ్తే ఆ తప్పుతోనే ఒక అవకాశం ఖర్చయిపోతుంది.

ప్రభుత్వ ఉద్యోగినులకి ఇందులో కొంత వెసులుబాటు ఉంది. కేంద్ర ప్రభుత్వ నిబంధనల ప్రకారం పెళ్లయిన ఉద్యోగిని భర్త ఇంటిపేరు పెట్టుకోవాలంటే నియామక అధికారికి రాతపూర్వకంగా తెలియజేసి, భర్త వివరాలు సర్వీసు రిజిస్టరులో ఎక్కించమని కోరితే చాలు. అఫిడవిట్, పత్రిక, గెజెట్ తతంగమంతా సొంత పేరు మార్చుకునేవాళ్లకే. ఈ సంగతి ఎరగని సెక్షను గుమస్తాలు ఇప్పటికీ గెజెట్ తెమ్మని అడుగుతుంటారు.

పాస్‌పోర్టు విషయంలో తొందరపడకూడదు. పాస్‌పోర్టు ఉన్నవాళ్లు పెళ్లయ్యాక దాన్ని మార్పించుకుని తీరాలన్న రూలు లేదు. పుట్టింటి పేరుతో ఉన్న పాస్‌పోర్టు గడువు ముగిసేదాకా చెల్లుతుంది. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న భర్త దగ్గరికి వెళ్లే అమ్మాయి వీసా కాగితాలు నడుస్తుండగా పాస్‌పోర్టులో పేరు మార్చుకుంటే వీసా ఒక పేరుతో, పాస్‌పోర్టు ఒక పేరుతో తేలతాయి. విమానం టికెట్టు ఎప్పుడూ పాస్‌పోర్టులో ఉన్న పేరుతోనే కొనాలి, శుభలేఖలో ఉన్న పేరుతో కాదు. వీసా దరఖాస్తు పెట్టకముందే మార్పించుకోవడం ఒక పద్ధతి, వెళ్లి స్థిరపడ్డాక అక్కడి భారత కాన్సులేట్ ద్వారా మార్పించుకోవడం ఇంకో పద్ధతి. మధ్యలో వద్దు. అమెరికా వీసా దరఖాస్తులో ‘ఇంతకుముందు వాడిన పేర్లు’ అన్న ప్రశ్న ఉంటుంది. పేరు మార్చుకున్నవాళ్లు అక్కడ పుట్టింటి పేరు తప్పకుండా రాయాలి.

మార్పుకి దరఖాస్తు పాస్‌పోర్టు సేవా వెబ్‌సైటులో ‘రీ-ఇష్యూ’ కింద, వ్యక్తిగత వివరాల మార్పు అన్న కారణంతో పెట్టుకోవాలి. పాత పాస్‌పోర్టు, పెళ్లి సర్టిఫికెట్ చూపిస్తారు. మన పాత పాస్‌పోర్టుల్లో కొన్నింట్లో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి పేరంతా సొంత పేరు గడిలో కొట్టించిన సంగతి చాలామందికి అనుభవమే. అలాంటివాళ్లకి అమెరికా వీసా మీద సొంత పేరు స్థానంలో ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని, అంటే మొదటి పేరు తెలియదని పడుతుంది. పెళ్లి సందర్భంగా ఎలాగూ మార్పిస్తున్నప్పుడు ఇంటిపేరుని దాని గడిలోనూ సొంత పేరుని దాని గడిలోనూ వేరు చేయించుకుంటే ఆ పీడ వదులుతుంది. పాత పాస్‌పోర్టులో ఇంకా గడువున్న వీసా ఉంటే పాతదాన్ని పారేయకూడదు, రెండూ పట్టుకుని ప్రయాణించాలి, పెళ్లి సర్టిఫికెట్ కూడా.

ఓటరు జాబితాకి ఫారం 8. పేరు దిద్దడానికీ, పుట్టింటి నియోజకవర్గం నుంచి అత్తవారింటి నియోజకవర్గానికి మారడానికీ అదే ఫారం. కొత్త ఓటు కోసం ఫారం 6 పెడితే రెండుచోట్ల పేరు పడుతుంది. రేషన్ కార్డులో ముందు పుట్టింటి కార్డులోంచి పేరు తీయించాకే అత్తవారి కార్డులో చేర్చుకుంటారు. డ్రైవింగ్ లైసెన్సు పరివాహన్ వెబ్‌సైటులో. వీటి గురించి ఇంతకంటే చెప్పేది లేదు.

ప్రైవేటు ఉద్యోగం చేసేవాళ్లు పీఎఫ్ దగ్గర కొంచెం ఆగాలి. యూఏఎన్‌లో పేరు ఆధార్‌తో సరిపోకపోతే డబ్బు తీసుకునే దరఖాస్తు తిరిగొస్తుంది. పీఎఫ్ పోర్టల్‌లో జాయింట్ డిక్లరేషన్ పెట్టి మార్పించుకోవాలి. ఉద్యోగం మారే ఆలోచన ఉంటే పాత కంపెనీలో ఉండగానే ఈ పని ముగించడం నయం, కంపెనీ ఆమోదం అవసరమైతే బయటికి వచ్చాక హెచ్‌ఆర్ వాళ్లు ఫోనెత్తరు. పేరు కన్నా పెద్ద సంగతి ఇంకొకటుంది. పెళ్లికి ముందు అమ్మనో నాన్ననో నామినీగా పెట్టి ఉంటారు. పీఎఫ్ పథకం నిబంధనల ప్రకారం కుటుంబం లేనప్పుడు చేసిన నామినేషన్, పెళ్లయి కుటుంబం ఏర్పడగానే దానంతటదే చెల్లకుండా పోతుంది. మళ్లీ కొత్తగా చేయాల్సిందే. పేరు మార్చుకోనివాళ్లకీ, మగవాళ్లకీ ఇది వర్తిస్తుంది. జీవిత బీమా పాలసీల్లో నామినీ దానంతటదే మారదు, అక్కడ మనమే వెళ్లి మార్పించాలి.

ముట్టుకోకూడనివి కొన్ని ఉన్నాయి. పదో తరగతి మెమో, డిగ్రీ పట్టా పెళ్లి పేరుతో మార్పించాలని తిరగొద్దు. అవి ఆనాటి మనిషికి ఆనాటి పేరుతో ఇచ్చిన కాగితాలు. ఉద్యోగంలో సర్టిఫికెట్లు పరిశీలించేవాళ్లకి వాటి పక్కన పెళ్లి సర్టిఫికెట్ ప్రతి పెడితే సరిపోతుంది. పుట్టింటి పేరు మీద ఉన్న ప్లాటు, పొలం దస్తావేజులు కూడా అంతే. పేరు మారిందని కొత్త దస్తావేజు రాయించాల్సిన పని లేదు. అమ్మే రోజున దస్తావేజులో ‘చిట్టూరి సుజాత ఉరఫ్ వేమూరి సుజాత’ అని రాయించి పెళ్లి సర్టిఫికెట్ జతచేస్తారు. పట్టాదారు పాసుపుస్తకంలో మాత్రం ఆధార్‌తో పేరు కలవాల్సిన అవసరం పడుతుంది కాబట్టి తహసీల్దారు ఆఫీసులో ఒకసారి చూసుకోవాలి. పాత పేరుతో ఉన్న పాన్ కార్డు, పాత ఆధార్ ప్రతి పారేయకుండా ఒక కవర్లో ఉంచుకుంటే ఎన్నేళ్ల తర్వాతైనా అక్కరకొస్తాయి.

తిరిగి పుట్టింటి పేరుకి వెళ్లాల్సి వస్తే? విడాకులు అయినవాళ్లు పెళ్లి సర్టిఫికెట్‌కి బదులు కోర్టు డిక్రీ చూపించాలి, మిగతా వరుసంతా ఇదే. విడాకులు కాకుండా, కేవలం ఇష్టం కొద్దీ వెనక్కి వెళ్లేవాళ్ల విషయంలోనే వింత. అలాంటివాళ్లు విడాకుల డిక్రీ గానీ, భర్త నుంచి అభ్యంతరం లేదన్న పత్రం గానీ తేవాలని కేంద్ర గెజెట్ ప్రచురణ శాఖ నిబంధన పెట్టింది. భర్త ఇంటిపేరు తగిలించుకునేటప్పుడు తండ్రి అనుమతి ఎవరూ అడగలేదు, తీసేసుకునేటప్పుడు భర్త అనుమతి ఎందుకన్నది మామూలు మనిషికి వచ్చే ప్రశ్న. దీన్ని సవాలు చేస్తూ ఒక మహిళ వేసిన పిటిషన్ మీద ఢిల్లీ హైకోర్టు 2024లో కేంద్రానికి నోటీసు ఇచ్చింది. ఆధార్‌లో పేరు మార్పు అవకాశాలు రెండే కాబట్టి, ఒకటి చిన్నప్పుడూ ఒకటి పెళ్లికీ వాడేసుకున్న మహిళ పుట్టింటి పేరుకి రావాలంటే ఈ గెజెట్ గుమ్మం దాటాకే హైదరాబాదులోని ప్రాంతీయ కార్యాలయానికి వెళ్లగలుగుతుంది.